బ్యాంకుకు ఉత్తరం రాయడం – 4వ పాఠం: ఏటీఎం డబ్బులివ్వలేదు, ఖాతాలో మాత్రం తగ్గాయి

పోయిన పాఠంలో ఉత్తరానికి ‘విషయం’ అనే ఒక్క లైను ఎలా రాయాలో చూశాం. ఈసారి ఏటీఎం నుంచి డబ్బు రాకుండానే ఖాతాలో కోత పడినప్పుడు పూర్తి ఉత్తరం రాద్దాం.

ఒక ఉదాహరణ అనుకుందాం. తెనాలిలో టైలరింగ్ షాపు నడిపే ఒకావిడ మార్చి 3 సాయంత్రం బస్టాండు ఎదుట ఉన్న వేరే బ్యాంకు ఏటీఎంలో 10,000 రూపాయల కోసం ప్రయత్నించారు. మిషన్ కాసేపు చప్పుడు చేసి ఆగిపోయింది. నోట్లు రాలేదు. ఫోన్‌కు మాత్రం డబ్బు తగ్గినట్టు మెసేజ్ వచ్చింది. అవసరం ఆగదు కాబట్టి పక్కనే ఉన్న ఇంకో ఏటీఎంలో మళ్లీ 10,000 తీసుకున్నారు. అక్కడ డబ్బు వచ్చింది. ఇప్పుడు పాస్‌బుక్కులో ఒకే రోజు ఒకే మొత్తం రెండుసార్లు కనిపిస్తోంది.

చాలా ఫిర్యాదులు ఇక్కడే దారి తప్పుతాయి. ‘ఏటీఎంలో డబ్బు రాలేదు, పదివేలు పోయాయి’ అని మాత్రమే రాస్తే, చూసే ఉద్యోగికి రెండు ఎంట్రీలు కనబడతాయి. అందులో రెండోది చూసి ‘లావాదేవీ సక్సెస్ అయింది’ అని జవాబు ఇచ్చేయొచ్చు. ఆ మాట అబద్ధం కూడా కాదు, కానీ అది వేరే లావాదేవీ. కాబట్టి ఈ ఉత్తరం చేయాల్సిన మొదటి పని కష్టం చెప్పుకోవడం కాదు, ఆ ఒక్క లావాదేవీని వేలు పెట్టి చూపించడం.

దానికి కావలసినవి తేదీ, టైము, మొత్తం, ఆ ఏటీఎం ఏ బ్యాంకుది, ఎక్కడుంది, దాని ఐడీ. ఐడీ సాధారణంగా స్లిప్పు మీద ఉంటుంది, కొన్నిచోట్ల మిషన్ మీద కూడా అంటిస్తారు. స్లిప్పు వస్తే దాని మీద రిఫరెన్సు నంబరు కూడా ఉంటుంది. స్లిప్పు రాకపోతే మెసేజ్‌లోనో స్టేట్‌మెంట్‌లోనో ఉన్న నంబరు రాయండి. అదీ దొరక్కపోతే ‘స్లిప్పు రాలేదు’ అని రాస్తే సరిపోతుంది. టైము, స్థలం సరిగ్గా ఉంటే వాళ్లు వెతకగలరు. కార్డు నంబరులో చివరి నాలుగు అంకెలు చాలు. పిన్, కార్డు వెనక ఉండే మూడంకెల నంబరు ఏ ఉత్తరంలోనూ రాయకండి. ఫిర్యాదు పరిశీలనకు వాటి అవసరమే లేదు.

ఉత్తరం ఎవరికి రాయాలి? మిషన్ ఎవరిదైనా సరే, మీ కార్డు ఇచ్చిన బ్యాంకుకే. మిషన్ ఉన్న బ్యాంకును మీ బ్యాంకే అడుగుతుంది. ‘ఆ బ్యాంకుకే వెళ్లి అడగండి’ అని కౌంటర్లో ఎవరైనా అంటే, ఉత్తరం ఇచ్చి అందినట్టు ముద్ర అడగండి.

ఇక గడువు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఇలా తగ్గిన డబ్బును బ్యాంకు తనంతట తానే, లావాదేవీ జరిగిన తేదీ తర్వాత ఐదు రోజుల్లోగా తిరిగి జమ చేయాలి. ఆ గడువు దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. ఇది 2019 అక్టోబరు 15 నుంచి అమల్లో ఉంది. పరిహారం కోసం ఖాతాదారు ఫిర్యాదు చేసేదాకా ఆగకూడదని కూడా అందులో ఉంది. ఇవి క్యాలెండర్ రోజులు, పనిదినాలు కావు. మార్చి 3న జరిగితే గడువు 8తో ముగుస్తుంది, 9 నుంచి లెక్క మొదలు. మార్చి 20న డబ్బు పడిందనుకుంటే 12 రోజులు, అంటే 1,200 రూపాయలు. చాలాసార్లు డబ్బు ఒకటి రెండు రోజుల్లోనే తిరిగి పడిపోతుంది కాబట్టి, రాసేముందు స్టేట్‌మెంటు ఒకసారి చూసుకోండి. పాస్‌బుక్కు ప్రింటు వేయించుకోవడం ఇంకా మేలు, ఎందుకంటే దాన్నే జతచేయొచ్చు.

ఇప్పుడు ఉత్తరం చూద్దాం.

తేదీ: 16-03-2026
శాఖా మేనేజర్ గారికి,
________ బ్యాంకు, తెనాలి శాఖ.

విషయం: 03-03-2026న ఏటీఎం నుంచి నగదు రాకుండా రూ. 10,000 ఖాతాలో తగ్గినందున తిరిగి జమ, పరిహారం కోరుతూ.

అయ్యా,

మీ శాఖలో నా పొదుపు ఖాతా నంబరు ________. కార్డు చివరి నాలుగు అంకెలు 4417.

మార్చి 3 సాయంత్రం 7.42కు బస్టాండు ఎదుట ఉన్న ________ బ్యాంకు ఏటీఎంలో (ఐడీ ________) రూ. 10,000 కోసం ప్రయత్నించాను. నగదు రాలేదు, స్లిప్పు కూడా రాలేదు. కానీ నా ఖాతాలో రూ. 10,000 తగ్గింది. మెసేజ్‌లో ఉన్న రిఫరెన్సు నంబరు ________.

అదే రోజు 7.51కు మరో ఏటీఎంలో రూ. 10,000 తీసుకున్నాను. ఆ డబ్బు నాకు అందింది, దానిపై నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు 7.42 నాటి లావాదేవీ గురించి మాత్రమే.

రిజర్వు బ్యాంకు 20-09-2019 నాటి సర్క్యులర్ ప్రకారం ఈ మొత్తం మార్చి 8లోగా తిరిగి జమ కావాలి. ఈ రోజు వరకు కాలేదు. దయచేసి రూ. 10,000తో పాటు, మార్చి 9 నుంచి జమ అయ్యే రోజు వరకు రోజుకు రూ. 100 చొప్పున పరిహారం నా ఖాతాలో వేయగలరు.

నా కోరికను తిరస్కరించేటట్లయితే ఆ ఏటీఎం జర్నల్ లాగ్, ఆ రోజు క్యాష్ లెక్క చూసి కారణం రాతపూర్వకంగా తెలియజేయగలరు. సీసీ కెమెరా రికార్డును భద్రపరచమని కోరుతున్నాను.

జతచేసినవి: మెసేజ్ ప్రింటు, పాస్‌బుక్కు పేజీ నకలు.

ఇట్లు,
(సంతకం, పేరు, ఫోన్ నంబరు)

మూడో పేరా చూడండి. డబ్బు అందిన లావాదేవీని ఒప్పుకోవడం వల్ల నష్టమేమీ లేదు, ఉద్యోగికి వెతుకులాట తప్పుతుంది. పరిహారాన్ని ‘రూ. 800’ అని తేల్చి రాయలేదు, ‘జమ అయ్యే రోజు వరకు’ అన్నాం. అంకె వేస్తే లెక్క ఈరోజుతోనే ఆగినట్టు కనబడుతుంది.

చివరి పేరా కొంతమందికి గడుసుగా అనిపించొచ్చు, కానీ నాకు అది తీసేయాలనిపించదు. మిషన్ ప్రతి లావాదేవీనీ తనలోని జర్నల్లో రాసుకుంటుంది. నోట్లు నిజంగా బయటికి రాకపోతే, ఆ మిషన్‌లో క్యాష్ లెక్కేసినప్పుడు పదివేలు ఎక్కువగా తేలాలి. ‘సక్సెస్’ అని కంప్యూటర్ చూపించే ఒక్క మాటకంటే ఈ లెక్కకే బలం ఎక్కువ. కెమెరా రికార్డు ఎల్లకాలం ఉండదు కాబట్టి ఆ మాట మొదటి ఉత్తరంలోనే పడాలి.

రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో సహా ముద్ర వేయించుకోండి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఉంటే ఆ ఫిర్యాదు నంబరు కూడా ఉత్తరంలో చేర్చండి. ఆ ముద్ర తేదీ నుంచి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు. దానికి ఉచిత ఫోన్ నంబరు 14448. ఆ ఫిర్యాదు ఎలా రాయాలో 5వ పాఠంలో చూద్దాం.

ఈ వారం అభ్యాసం: మీరు 5,000 అడిగితే మిషన్ 3,500 మాత్రమే ఇచ్చింది, ఖాతాలో 5,000 తగ్గింది. పై ఉత్తరంలోని రెండో పేరాను దీనికి తగ్గట్టు మార్చి రాయండి. ఎంత వచ్చింది, ఎంత రాలేదు, ఎంత తిరిగి కోరుతున్నారు అన్న మూడు అంకెలూ అందులో కనబడాలి. స్లిప్పు వచ్చిందనుకోండి, దాని మీద 5,000 అనే ఉంది.