బ్రాంచి ఖాతాలు – 4వ పాఠం: ఐదో వంతా, నాలుగో వంతా?

ఈ పాఠంలో స్వతంత్ర బ్రాంచీలు మొదలుపెట్టాలి. కానీ పోయినసారి ఇచ్చిన తెనాలి బట్టల షాపు లెక్కలో చాలామందికి స్థూల లాభం రూ.90,000 వచ్చింది. రావలసింది రూ.72,000. ఇంత తేడా పెట్టుకుని ముందుకు పోలేం కాబట్టి ఇవాళంతా ఆ లెక్కే.

లెక్క మళ్ళీ చూద్దాం. విజయవాడ హెడ్డాఫీసు తెనాలి షాపుకి కొన్న ధర మీద 25 శాతం కలిపి సరుకు పంపుతుంది. షాపు అమ్మేదీ అదే ధరకి. ఏడాది మొదట్లో తెనాలిలో ఉన్న సరుకు ఇన్వాయిస్ ధరలో రూ.50,000. ఏడాదిలో పంపింది రూ.4,00,000, తెనాలి తిప్పి పంపింది రూ.10,000. నగదు అమ్మకాలు రూ.2,40,000, అరువు అమ్మకాలు రూ.1,20,000. మార్చి 31న రూ.20,000 సరుకు దారిలో ఉంది. ఆ రోజు షాపులో లెక్కపెడితే రూ.55,000 సరుకు తేలింది.

బ్రాంచి స్టాకు ఖాతా అందరూ బాగానే వేశారు. డెబిట్ వైపు 50,000, 4,00,000 కలిపి 4,50,000. క్రెడిట్ వైపు అమ్మకాలు 3,60,000, వాపసు 10,000, దారిలో ఉన్నది 20,000. మిగలాల్సింది 60,000, ఉన్నది 55,000, కాబట్టి తరుగు 5,000. ఈ ఖాతా హెడ్డాఫీసు పుస్తకాల్లో ఉంటుంది. సరుకు విజయవాడలో లారీ ఎక్కగానే ఇందులో డెబిట్ పడుతుంది. అందుకే దారిలో ఉన్నదాన్ని విడిగా చూపించకపోతే అది కూడా తరుగులో కలిసిపోయి, తెనాలి మేనేజరు అనవసరంగా సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

తప్పు జరిగింది దీని తర్వాత, బ్రాంచి సర్దుబాటు ఖాతాలో. ఇన్వాయిస్ ధరలో కలిసి ఉన్న లాభాన్ని, అంటే లోడింగును, బయటికి తీసేటప్పుడు 25 శాతం అన్న మాట పట్టుకుని, షాపులోని 55,000, దారిలోని 20,000 కలిపి 75,000 ముగింపు స్టాకులో నాలుగో వంతు తీసేశారు. ఆ 25 శాతం కొన్న ధర మీద. మన చేతిలో ఉన్న అంకె ఇన్వాయిస్ ధర. 100కి కొన్న చీర 125కి వెళ్తుంది. 125లో లాభం 25, అంటే ఐదో వంతు. అందుకే నేను లెక్క ముట్టుకునే ముందు కాగితం పైన కొన్న ధర, లాభం, ఇన్వాయిస్ ధర 4 : 1 : 5 అని రాసుకుంటాను. శాతాలతో తర్వాత మళ్ళీ పని ఉండదు.

మీ అంకె సరైనదో కాదో తెలుసుకోవడానికి లోడింగు తీసేసిన మొత్తానికి మళ్ళీ 25 శాతం కలపండి. 75,000లోంచి 18,750 తీస్తే 56,250. దానికి 25 శాతం కలిపితే 70,312.50 వస్తుంది, 75,000 రాదు. అదే 15,000 తీస్తే 60,000, దానికి 15,000 కలిపితే 75,000. అర నిమిషం పని. ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే ఈ తప్పు తనంతట తాను బయటపడదు. ఖాతాలన్నీ సరిపోతాయి, అంకణా కూడా కుదురుతుంది.

తేడా ఎక్కడికి పోయిందో చూడండి. సరైన లెక్కలో ప్రారంభ స్టాకు లోడింగు 10,000. వాపసు పోగా పంపిన సరుకు 3,90,000 మీద లోడింగు 78,000. మొత్తం 88,000 సర్దుబాటు ఖాతాలో క్రెడిట్. తరుగు మీద లోడింగు 1,000, ముగింపు స్టాకు రిజర్వు 15,000 డెబిట్. మిగిలింది 72,000. అమ్మకాలు 3,60,000లో ఐదో వంతు కూడా 72,000 కాబట్టి లెక్క సరిపోయింది.

నాలుగో వంతు వేసినవాళ్ళకి తెనాలి స్థూల లాభం 18,000 ఎక్కువ వచ్చింది. అదే సమయంలో హెడ్డాఫీసు వర్తకపు ఖాతాకి, పంపిన సరుకు కింద 3,12,000 వెళ్ళాల్సిన చోట 2,92,500 మాత్రమే వెళ్ళింది. అక్కడ 19,500 తక్కువ. విజయవాడ లాభం తెనాలి పేరు మీదికి మారిందే తప్ప సంస్థ మొత్తం లాభంలో పెద్ద తేడా కనబడదు. యజమాని చూసేది మొత్తమే కాబట్టి ఆయనకి అనుమానం రాదు. బాగా నడుస్తోందని తెనాలిలో ఇంకో అంతస్తు అద్దెకి తీసుకున్నా తీసుకుంటాడు.

తరుగు సంగతి కూడా ఇక్కడే ముగిద్దాం. కొందరు 5,000 మొత్తాన్నీ బ్రాంచి లాభనష్టాల ఖాతాకి రాశారు. సంస్థ జేబులోంచి పోయింది 4,000 మాత్రమే. మిగతా 1,000 ఇంకా సంపాదించని లాభం, అది సర్దుబాటు ఖాతాకి పోవాలి. తెనాలి ఖర్చులు 44,000. కాబట్టి 72,000లోంచి తరుగు 4,000, ఖర్చులు 44,000 పోగా నికర లాభం 24,000. సరుకు తరగకుండా పెరిగి తేలితే పద్దులు తిరగెయ్యండి. అలా పెరిగినప్పుడు సంతోషపడేముందు అమ్మకాల బిల్లులు ఒకసారి తిరగెయ్యమని మాత్రం చెబుతాను. ఎక్కువసార్లు కొన్నవాళ్ళు తిప్పి ఇచ్చిన సరుకుకి పద్దు పడకపోవడమే కారణం.

ఇంకొక్కటి. ఇక్కడ ఇన్వాయిస్ ధర అంటే మన ఖాతాల కోసం పెట్టుకున్న ధర. విజయవాడ, తెనాలి రెండూ ఒకే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కింద ఉంటే సరుకు డెలివరీ చలానా మీద వెళ్తుంది, పన్ను పడదు. బ్రాంచి ఖమ్మంలో ఉంటే రాష్ట్రం మారుతుంది, రిజిస్ట్రేషన్ వేరవుతుంది, పన్ను ఇన్వాయిస్ తప్పదు. ఆ పన్నును మాత్రం లోడింగులో కలపకండి.

అభ్యాసం. ఈసారి కొంచెం గట్టిదే ఇస్తున్నాను. కొన్న ధర మీద మూడో వంతు కలిపి సరుకు పంపుతారు. ఇన్వాయిస్ ధరలో ప్రారంభ స్టాకు 60,000, పంపింది 3,60,000, వాపసు 12,000, దారిలో 24,000, షాపులో తేలింది 80,000. అమ్మకాల మీద వచ్చిన డబ్బు 2,96,000. ఇందులో 40,000 ఇన్వాయిస్ ధర ఉన్న చీరలు ఆషాఢం సేల్‌లో 36,000కి అమ్మినవి ఉన్నాయి. ఆ 4,000 తగ్గింపు తరుగు కాదు. సరుకు అమ్ముడుపోయింది, లాభం తగ్గింది. కాబట్టి మొత్తం సర్దుబాటు ఖాతాకే పోతుంది. అసలు తరుగు ఎంతో మీరే తేల్చండి.

స్థూల లాభం 71,000 రావాలి. 74,000 వస్తే తగ్గింపును తరుగులో కలిపేశారు. 75,000 వస్తే తగ్గింపును సర్దుబాటు ఖాతాలో రాయలేదు. ఈ రెండూ కాని అంకె వస్తే ముందు లోడింగు నిష్పత్తి చూసుకోండి: అది 3 : 1 : 4.