బ్యాటరీ సెల్ లోపలి లెక్కలు – 6వ పాఠం: పూత ఎంత మందం ఉండాలి?

పోయిన పాఠంలో స్లర్రీని రేకు మీద పూసి, ఆరబెట్టి, రోలర్ల మధ్య నొక్కడం దాకా వచ్చాం. ఆ పూత ఎంత మందం ఉండాలో ఈసారి లెక్క వేద్దాం. రసాయనం, రేకు, సెపరేటర్ ఏవీ మార్చకుండా మందం ఒక్కటే మార్చినా, ఎక్కువ దూరం నడిచే కారుకు పనికొచ్చే సెల్ ఒకటి, డ్రిల్లింగ్ మిషన్‌కు పనికొచ్చే సెల్ ఇంకొకటి తయారవుతాయి.

ముందు మందపాటి సెల్ తీసుకోండి. 15 మైక్రాన్ల అల్యూమినియం రేకుకు రెండు వైపులా 70 మైక్రాన్ల చొప్పున కాథోడ్ పూత ఉంది. 10 మైక్రాన్ల రాగి రేకుకు రెండు వైపులా 80 చొప్పున గ్రాఫైట్ పూత ఉంది. వీటికి తోడు 15 మైక్రాన్ల సెపరేటర్లు రెండు. మొత్తం 355 మైక్రాన్లు. ఇందులో ఛార్జిని దాచుకునేది పూతలే, అవి 300. అంటే 85 శాతం.

ఇప్పుడు పూతలన్నీ సగానికి తగ్గించండి. రేకులు, సెపరేటర్లు మాత్రం తగ్గవు. మొత్తం 205, అందులో పూత 150, అంటే 73 శాతమే. అదే డబ్బాలో శక్తి ఆ మేరకు తగ్గింది. పైగా రాగి బరువైన లోహం కాబట్టి, బరువు లెక్కలో నష్టం ఇంకాస్త ఎక్కువే. శక్తి కోసం చేసే సెల్‌లో మందపాటి పూత వేసేది ఇందుకే.

మరి 200 మైక్రాన్లు ఎందుకు పూయరు? అసలు విషయం ఇక్కడుంది. పూత గట్టి పలక కాదు, సన్న రంధ్రాలున్న పొర. ఆ రంధ్రాల్లో లిథియం ఉప్పు కరిగిన ఎలక్ట్రోలైట్ నిండి ఉంటుంది. సెల్ నుంచి కరెంట్ తీస్తున్నప్పుడు లిథియం అయాన్లు సెపరేటర్ వైపు నుంచి వచ్చి, మెలికలు తిరిగిన ఆ దారుల్లో కాథోడ్ అడుగున ఉన్న రేకు దాకా చేరాలి. కరెంట్ పెంచితే అడుగున ఉన్న అయాన్లు ఖర్చయినంత వేగంగా పైనుంచి కొత్తవి రాలేవు. అక్కడ ఉప్పు పలచబడిపోతుంది.

ఎంత పలచబడుతుంది? మన 70 మైక్రాన్ల పూతలో చదరపు సెంటీమీటరుకు సుమారు 3.8 మిల్లీయాంప్ అవర్లు ఉన్నాయనుకోండి. రంధ్రాల వాటా 30 శాతం, దారి మెలికలకు గుణకం 4 వేస్తే, గంటలో ఖాళీ అయ్యే రేటులో, అంటే 1సిలో, పూత పైనుంచి అడుగుకు వచ్చేసరికి గాఢత దాదాపు 0.4 మోలార్ తగ్గుతుంది. మొదట ఉన్నది 1 మోలార్. 2సిలో తగ్గుదల 0.8. 3సిలో 1.2 కావాలి, కానీ అంత ఉప్పే అక్కడ లేదు. అంటే 2.5సి దగ్గరే అడుగు భాగం ఎండిపోయి పని మానేస్తుంది.

35 మైక్రాన్ల పూతలో అదే 3సికి తగ్గుదల 0.3 మాత్రమే. మందం సగం చేస్తే నాలుగో వంతు అయిందేమిటి? అదే సి రేటులో చదరపు సెంటీమీటరుకు పడే కరెంట్ సగమైంది, అయాన్ నడవాల్సిన దూరమూ సగమైంది. రెండు సగాలు గుణించుకున్నాయి. గాఢత తగ్గుదల Δc, సి రేటు C, పూత మందం L అనుకుంటే, ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకోండి:

Δc ∝ C × L²

నిజమైన సెల్ వాడకంలో వేడెక్కుతుంది, వేడికి అయాన్లు చురుగ్గా కదులుతాయి, అందుకని పరిమితి కాస్త పైకి జరుగుతుంది. చలిలో ఇదే తలకిందులవుతుంది.

టెస్ట్ బెంచ్ మీద దీన్ని ఎలా పట్టుకోవాలి? కరెంట్ ఇస్తూ వోల్టేజ్ చూడండి. ట్యాబ్, రేకు, అతుకుల నిరోధం వల్ల అయితే మొదటి క్షణంలోనే వోల్టేజ్ పడి అక్కడే ఉంటుంది. అయాన్ల కొరత అయితే నెమ్మదిగా జారుతూ పోయి, ఛార్జి ఇంకా మిగిలి ఉండగానే ఒక్కసారిగా కూలిపోతుంది. అప్పుడు కరెంట్ ఆపేయండి. నిరోధం వల్ల పోయిన వాటా వెంటనే తిరిగొస్తుంది. మిగతాది ఒకటి రెండు నిమిషాలపాటు మెల్లగా పైకి లేస్తుంది. ఆ మెల్లని లేవడం ఎక్కువ భాగం రంధ్రాల్లో ఉప్పు మళ్లీ సర్దుకోవడమే. నేను ఈ తేడా తెలియక ముందు, మందపాటి సెల్‌లో లోపం వెల్డింగ్‌లో ఉందని వెతుకుతూ రెండు రోజులు పోగొట్టుకున్నాను.

ఛార్జింగ్‌లో మందం తెచ్చే ప్రమాదం ఇంతకంటే పెద్దది. గ్రాఫైట్ పూత అడుగుకు అయాన్లు అందక, సెపరేటర్ వైపు పైపొర మీదే భారం పడుతుంది. అక్కడ లిథియం గ్రాఫైట్‌లోకి దూరకుండా లోహంగా పేరుకుంటుంది. సెల్ విప్పితే నల్లటి పూత మీద బూడిదరంగు మచ్చలు కనబడతాయి.

అభ్యాసం: కాథోడ్ పూత 50, గ్రాఫైట్ 57 మైక్రాన్లు అనుకుని పూత వాటా, 1సిలో గాఢత తగ్గుదల, గరిష్ఠ సి రేటు కట్టండి. 80 శాతం, 0.2 మోలార్, దాదాపు 5సి రావాలి. వచ్చే పాఠంలో మందం మార్చకుండా, రోలర్ ఒత్తిడితో రంధ్రాల వాటాను మారుస్తాం.