బొటనవేళ్ల కింద ఏం దాక్కుంటోందో చూసే చిట్కా

మొబైల్ గేమ్ స్క్రీన్ డిజైన్ చేసేటప్పుడు మానిటర్ మీద చూస్తే అంతా నీట్‌గానే ఉంటుంది, తీరా ఫోన్‌లో ఆడేటప్పుడు బుల్లెట్లు ఎన్ని మిగిలాయో కనపడక చిరాకు. దీనికి నేను చేసేది ఇది. ఫైట్ బాగా రద్దీగా ఉన్నప్పుడు ఒక స్క్రీన్‌షాట్ తీసి, మీ దగ్గరున్న అతి చిన్న ఫోన్‌లో ఫుల్ స్క్రీన్‌లో పెట్టండి. ఆడుతున్నట్టే రెండు చేతులతో పట్టుకుని, ఎడమ బొటనవేలు జాయ్‌స్టిక్ మీద, కుడిది ఫైర్ బటన్ మీద ఆనించి, పక్కవాళ్లని మీ కళ్ల ఎత్తు నుంచి ఇంకో ఫోన్‌తో ఫొటో తీయమనండి.

వేలు తాకే చోటు కన్నా అది కప్పేసే చోటు చాలా ఎక్కువ, కింది మూల దాకా మొత్తం పోతుంది. మా షూటర్ గేమ్‌లో ఫైర్ బటన్ కిందున్న బుల్లెట్ల అంకె అలాగే మాయమైంది, కింద మధ్యలోకి జరిపితే సరిపోయింది. అదే ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి, రంగుతో మాత్రమే తేడా తెలిసే ఐకాన్లు (మందు, గ్రెనేడ్ లాంటివి) ఒకేలా కనిపిస్తే ఆకారం మార్చాల్సిందే.

నాలుగు వేళ్లతో ఆడేవాళ్లకి ఈ ఒక్క ఫొటో పనికిరాదు, వాళ్ల చూపుడువేళ్లు పైమూలల్ని కప్పేస్తాయి కాబట్టి ఆ పట్టుతో విడిగా తీయాలి.