రోహిణి కార్తెకు ముందే కంపెనీ స్టేట్‌మెంట్ సరిచూసుకోండి: పురుగుమందుల దుకాణాలకు జాగ్రత్తలు

నల్లగొండ, నాగర్‌కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు పత్తి విత్తనాలు పడకముందే దుకాణాల్లోకి సరుకు దిగాలి. మే నెల చివరి వారంలో డిస్ట్రిబ్యూటర్‌కు ఆర్డరు పెడితే ముందు వచ్చే మాట ఒకటే: "అన్నా, పాత బాకీ క్లియర్ చేస్తేనే కొత్త లోడు." ఆ బాకీ ఎంత అన్నదగ్గరే పేచీ మొదలవుతుంది. వాళ్ల స్టేట్‌మెంట్ ఒక అంకె చూపిస్తుంది, మన లెడ్జర్ ఇంకొకటి. లారీ వాకిట్లో ఉన్నప్పుడు ఈ లెక్క తేలదు, తొందరలో వాళ్లు చెప్పిన అంకెకే చెక్కు రాయాల్సి వస్తుంది. అందుకే ఏప్రిల్ 30 దాకా లెక్క కట్టి, మే నెల సగానికల్లా తేల్చుకోవాలి.

మొదటి జాగ్రత్త, ఏం అడగాలన్నది. సేల్స్‌మన్ ఫోనుకు పంపే ఔట్‌స్టాండింగ్ లిస్టు ఈ పనికి చాలదు. అందులో ఇంకా తీరని బిల్లులే ఉంటాయి. మనం కట్టిన డబ్బును వాళ్లు ఏ బిల్లుకు సర్దారో, ఏ బిల్లు మన దగ్గరికి రాకుండానే తీరిపోయిందో అందులో కనబడదు. అడగవలసింది ఖాతా కాపీ, అంటే లెడ్జర్ ఎక్స్‌ట్రాక్ట్. పోయినసారి ఇద్దరూ ఒప్పుకున్న తేదీ నుంచి ఏప్రిల్ 30 వరకు, ప్రతి బిల్లు, ప్రతి చెల్లింపు, ప్రతి క్రెడిట్ నోట్‌తో, ఎక్సెల్‌లో కావాలి. ఒకే యజమానికి రెండు పేర్లతో ఫర్ములుంటే రెండింటివీ తీసుకోండి. ఒక ఫర్ముకు వేసిన ఆర్టీజీఎస్ రెండో ఫర్ము ఖాతాలో జమ కావడం మామూలే.

స్టేట్‌మెంట్ చేతికి వచ్చాక ముందు చూడవలసింది పైన ఉన్న ఓపెనింగ్ బ్యాలెన్స్. అక్కడే తేడా ఉంటే కింద ఎన్ని టిక్కులు పెట్టినా చివరికి అంకెలు కలవవు. అప్పుడు ఇంకా వెనక్కి, ఇద్దరి లెక్క కలిసిన తేదీ దాకా వెళ్లక తప్పదు. ఇంకొకటి గుర్తుంచుకోండి. వాళ్ల పుస్తకంలో మనకిచ్చిన బిల్లు డెబిట్ వైపు ఉంటుంది, మన పుస్తకంలో అదే బిల్లు క్రెడిట్ వైపు ఉంటుంది. కొత్త గుమాస్తాలు తడబడేది ఇక్కడే.

ఇప్పుడు ఒక లెక్క చేసి చూద్దాం. దేవరకొండలో ఒక దుకాణం అనుకోండి, సరుకు హైదరాబాద్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర నుంచి పార్సిల్ లారీలో వస్తుంది. ఏప్రిల్ 30 నాటికి స్టేట్‌మెంట్ ప్రకారం దుకాణం బాకీ రూ. 4,86,350. దుకాణం లెడ్జర్‌లో రూ. 3,87,610. తేడా రూ. 98,740. ఈ 98,740కి సరిపోయే బిల్లు కోసం ఫైలంతా తిరగేయడం చాలామంది చేసే పని, కానీ అది దొరకదు. తేడా దాదాపు ఎప్పుడూ నాలుగైదు తప్పులు కలిసి తయారవుతుంది. పైగా కొన్ని ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి కూడా. మొత్తాన్ని పక్కన పెట్టి వరుస వరుసగా పోల్చాలి: ముందు బిల్లులు, తర్వాత చెల్లింపులు, ఆఖరున క్రెడిట్ నోట్లు.

బిల్లులను నంబరు ఒక్కదానితో కలపకండి. జీఎస్టీ నియమాల ప్రకారం బిల్లు నంబరు ఒక ఆర్థిక సంవత్సరంలోనే మళ్లీ రాకూడదు. కాబట్టి చాలా డిస్ట్రిబ్యూటర్లు ఏప్రిల్ 1న మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు. పోయినేటి 112, ఈ యేటి 112 రెండూ ఉంటాయి, ఒకదాని టిక్కు ఇంకొకదానికి పడుతుంది. నంబరు, బిల్లు తేదీ, మొత్తం మూడూ కలవాలి. తేదీ అంటే సరుకు మన దుకాణంలో దిగిన తేదీ కాదు, బిల్లు మీద ఉన్న తేదీ. టాలీలో పర్చేజ్ ఎంట్రీ కొట్టేటప్పుడు `Supplier Invoice No.`, దాని పక్కన `Date` ఖాళీగా వదిలేస్తే ఈ పని రెండింతలవుతుంది. ఈ సీజన్ నుంచైనా ఆ రెండు గడులు నింపించండి.

ఎక్సెల్‌లో రెండు షీట్లు పెట్టుకోండి, ఒకటి కంపెనీది, ఇంకొకటి `Tally` పేరుతో మనది. రెండింట్లోనూ B కాలమ్‌లో బిల్లు నంబరు, Cలో బిల్లు తేదీ, Dలో మొత్తం ఉండాలి. బిల్లు నంబర్లలో ముందుండే అక్షరాలు, మధ్య ఖాళీలు రెండు షీట్లలో ఒకే తీరుగా చేసి, కంపెనీ షీట్‌లో E2 దగ్గర ఇది రాసి కిందికి లాగండి:

```
=SUMIFS(Tally!D:D,Tally!B:B,B2,Tally!C:C,C2)-D2
```

సున్నా వస్తే బిల్లు కలిసింది. బిల్లు మొత్తమంతా మైనస్‌లో వస్తే మన పుస్తకంలో ఆ బిల్లు లేదు, లేదా తేదీయో నంబరో తప్పు పడింది. బిల్లు మొత్తమంతా ప్లస్‌లో వస్తే మనం రెండుసార్లు ఎక్కించాం. చిన్న అంకె మిగిలితే మొత్తం తప్పు కొట్టాం. తర్వాత ఇదే ఫార్ములాను తిప్పి మన షీట్‌లో కూడా వేయాలి. లేకపోతే మన దగ్గర ఉండి వాళ్ల దగ్గర లేని బిల్లులు బయటపడవు.

మన దుకాణంలో ఈ వరుసలో రెండు బిల్లులు తేలాయి. మొదటిది మార్చి 28 నాటి బిల్లు నం. 2417, రూ. 62,540, లెడ్జర్‌లో లేనేలేదు. ఇలాంటి చోట వెంటనే "మాకు రాలేదు" అనకండి, వెంటనే ఎక్కించకండి కూడా. సరుకు దిగిందా లేదా అన్నది ముందు తేలాలి. పురుగుమందుల దుకాణంలో దీనికి గట్టి సాక్ష్యం స్టాక్ రిజిస్టరు. బిల్లు కాపీ తెప్పించి, దాని మీది బ్యాచ్ నంబర్లు రిజిస్టరులో ఉన్నాయేమో చూడండి. ఇక్కడ మార్చి 31న అవే బ్యాచ్‌లు ఎక్కి ఉన్నాయి, బిల్లు నంబరు రాయవలసిన చోట మాత్రం "చలాను" అని ఉంది. డ్రైవర్ చలాను ఇచ్చి బిల్లు తనతోనే తీసుకుపోయాడన్నమాట. టాలీలో ఆ మందుల స్టాకు మైనస్‌లో కనబడటం ఇంకో గుర్తు. కొనుగోలు ఎక్కకుండా అమ్మకాలు ఎక్కితే అలాగే అవుతుంది.

రిజిస్టరులో బ్యాచ్ లేకపోతే ఈ-వే బిల్లు, ట్రాన్స్‌పోర్టు ఎల్ఆర్ నంబరు అడగండి. వాటి మీద సరుకు ఎక్కడ దింపారో, ఎవరు సంతకం చేశారో తెలుస్తుంది. జీఎస్టీఆర్-2బిలో బిల్లు కనబడటం మాత్రం సరుకు వచ్చినట్టు రుజువు కాదు. వాళ్లు తమ జీఎస్టీఆర్-1లో ఎక్కించారన్నదే అది చెబుతుంది. నెల నెలా ఫైల్ చేసే డిస్ట్రిబ్యూటర్ ఏప్రిల్ 11 లోపు వేసి ఉంటే, మార్చి బిల్లు ఏప్రిల్ 14న వచ్చే 2బిలో ఉండాలి. సరుకు దిగి, బిల్లు 2బిలో లేకపోతే అప్పుడు మనం వాళ్లను నిలదీయాలి. లేకుంటే ఆ బిల్లు మీది ఇన్‌పుట్ ట్యాక్స్ మనకు దొరకదు. 2025-26 బిల్లుల ట్యాక్స్ తీసుకోవడానికి చివరి గడువు 2026 నవంబరు 30, లేదా ఆ ఏడాది వార్షిక రిటర్న్ వేసిన రోజు, ఏది ముందైతే అది.

రెండోది బిల్లు నం. 2289. అసలు మొత్తం రూ. 34,760, మన దగ్గర 37,460 అని పడింది. తేడా 2,700. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతుంది. 2,700 తొమ్మిదితో పోతుంది, కాబట్టి అనుమానం అటే వెళ్లాలి. ఈ కిటుకు ఒక్కొక్క బిల్లు తేడా మీదే పనిచేస్తుంది. ఇక్కడి 98,740 లాంటి మొత్తం తేడా మీద వేసి చూస్తే ఏమీ తెలియదు.

చెల్లింపుల్లో ఒకటి తేలింది. ఏప్రిల్ 29న సేల్స్‌మన్ చేతికిచ్చిన రూ. 20,000 చెక్కు వాళ్ల ఖాతాలో మే 3న జమ అయింది. ఇది తప్పు కాదు, తేదీల ఎడం మాత్రమే. మే స్టేట్‌మెంట్‌లో ఆ చెక్కు కనబడిందో లేదో చూసి వదిలేయాలి. నగదు ఇచ్చిన చోట ఇంత తేలిక కాదు. సేల్స్‌మన్ తెల్లకాగితం మీద రాసిచ్చిన సంతకాన్ని డిస్ట్రిబ్యూటర్ ఒప్పుకోకపోవచ్చు. కంపెనీ రశీదు పుస్తకంలోని నంబరున్న రశీదే తీసుకోండి. అదీగాక ఒకరికి ఒక్కరోజులో పదివేలకు మించి నగదు కడితే ఆదాయపన్ను లెక్కలో ఆ ఖర్చును ఒప్పుకోరు.

ఇక క్రెడిట్ నోట్లు. మిగిలిన మందులు ఏప్రిల్ 12న వాపసు పంపి మన దగ్గర రూ. 18,900కి డెబిట్ నోట్ కొట్టాం. వాళ్ల స్టేట్‌మెంట్‌లో దాని ఊసే లేదు. ఈ రంగంలో ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే అని నా లెక్క. సరుకు పోయింది, నోట్ రాలేదు, సీజన్ హడావుడిలో అడిగేవాళ్లుండరు. వాపసు పంపిన ఎల్ఆర్ కాపీ, బ్యాచ్ నంబర్ల పట్టీ పెట్టి రాతపూర్వకంగా అడగండి. నోట్ వచ్చాక అందులో జీఎస్టీ ఉందా లేదా చూసుకోండి. మనం ట్యాక్స్‌తో తగ్గించి, వాళ్లు ట్యాక్స్ లేని నోట్ ఇస్తే మళ్లీ కొత్త తేడా పుడుతుంది.

ఇప్పుడు రెండు వైపుల నుంచీ లెక్క కట్టాలి. మన 3,87,610కి రాని బిల్లు 62,540 కలిపి, ఎక్కువ కొట్టిన 2,700 తీసేస్తే 4,47,450. వాళ్ల 4,86,350లో చెక్కు 20,000, వాపసు 18,900 తీసేస్తే అదీ 4,47,450. రెండూ ఒకే అంకె దగ్గర ఆగాయి. పది రూపాయలు మిగిలినా రౌండాఫ్ అని కొట్టేయకుండా ఒకసారి చూడండి. చిన్న తేడా కింద రెండు పెద్ద తప్పులు ఎదురెదురుగా నిలబడి ఉండొచ్చు.

ఈ పని కాకముందు బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ కాగితం మీద సంతకం పెట్టకండి. సేల్స్‌మన్ "ఆడిట్ కోసం, ఊరికే ఒక సైన్ పెట్టు అన్నా" అంటాడు. అది ఊరికే కాదు. గడువు లోపల రాతలో బాకీ ఒప్పుకుని సంతకం చేస్తే, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం వసూలు గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. పెట్టక తప్పకపోతే వాళ్ల అంకె పక్కన మీ అంకె రాసి, తేడాకు కారణాలు బిల్లు నంబర్లతో కిందే రాసి, అప్పుడు సంతకం పెట్టండి. ఈ దుకాణమైతే ఇలా రాయాలి: "ఏప్రిల్ 30 నాటికి మా లెక్క ప్రకారం రూ. 4,47,450. ఏప్రిల్ 29 చెక్కు రూ. 20,000, ఏప్రిల్ 12 వాపసు సరుకు రూ. 18,900 మీ ఖాతాలో జమ కావలసి ఉంది." దాని ఫొటో తీసి డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు ఈమెయిల్‌కు అదే రోజు పంపండి, సేల్స్‌మన్ వాట్సాప్‌కు మాత్రమే పంపి ఊరుకోకండి. వాపసు సరుకు క్రెడిట్ నోట్ చేతికి వచ్చేదాకా ఆ 18,900 కలపకుండా 4,47,450 మాత్రమే కట్టండి. కట్టేటప్పుడు ఏ డబ్బు ఏ బిల్లుకో నంబర్లు రాసివ్వండి, లేకపోతే వాళ్లు తమకు తోచిన బిల్లుకు సర్దుకుని మిగిలిన దాని మీద వడ్డీ వేస్తారు.