ఎండలకు ముందు మిరప కుండీ: వీడియో చూసి మందు కొట్టే ముందు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మనవాళ్ల మాట. మిద్దె తోట పెంచేవాళ్లు ఎండాకాలం పనులన్నీ ఆ పండగకూ ఉగాదికీ మధ్యనే ముగించుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మొక్కకు మనం చేయగలిగిన మేలు తక్కువ, తొందరపడి చేసే కీడు ఎక్కువ. మిరప విషయంలో ఇది మరీ నిజం. చలికాలమంతా పచ్చగా కాసిన మొక్క మార్చి వచ్చేసరికి కొసల్లో ముడుచుకుపోతుంది. వెంటనే ఫోను తీసి 'మిరప ఆకు ముడత' అని వెతుకుతాం. ఒకరు వేపనూనె అంటారు, ఒకరు పుల్ల మజ్జిగ, ఒకరు గంధకం, ఇంకొకరు బూడిద. వీడియో చివర్లో అందరి మొక్కలూ పచ్చగానే కనిపిస్తాయి.

వాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు. చాలామంది తమ మొక్కకు పనిచేసిందే చెబుతున్నారు. అయితే ఆ మొక్క ఏ నెలలో, ఎంత కుండీలో, ఏ రకం ముడతతో ఉందో తెలియకపోతే ఆ వైద్యం మీ మొక్కకు సరిపోతుందో లేదో తేల్చుకోలేరు. పేరులోనే 'పన్నెండు అంగుళాల కుండీలో మిరప, ఫిబ్రవరిలో కింది ముడత' అని పెట్టిన వీడియో ఉంటే ముందు అది చూడండి. 'ఒక్క స్ప్రేతో అన్ని సమస్యలూ మాయం' అన్నదాన్ని నేనైతే తెరవను.

ముందుగా తేల్చుకోవలసింది అది ఏ ముడత అన్నది. మిరప రైతులు పై ముడత, కింది ముడత అని రెండు పేర్లు వాడతారు. ఆకు అంచులు పైకి లేచి దొన్నెలా మారితే పై ముడత. ఇది తామర పురుగు పని. లేత ఆకుల రసం పీల్చుతుంది, ఆకు అడుగున నడిమి ఈనె పక్కన గోధుమరంగు గీతలు పడతాయి. ఎండ పెరిగి గాలి పొడిగా మారేకొద్దీ దీని బలం పెరుగుతుంది. అంచులు కిందికి వంగి దొన్నె బోర్లించినట్టు అయితే కింది ముడత. అది నల్లి వల్ల వస్తుంది. లేత ఆకులు సన్నబడతాయి, కాడలు పొడుగ్గా సాగుతాయి, ఆకు గిడసబారి ముదురాకుపచ్చగా కనిపిస్తుంది. మూడోది బొబ్బర తెగులు. ఆకులు చిన్నవై, ముడతలు పడి, ఈనెల మధ్య పసుపెక్కి, మొక్క మొత్తం గిటకబారిపోతుంది. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ ఇది. దీనికి మందు లేదు. ఏ వీడియోలోనైనా ఉందని చెబితే, వాళ్ల మొక్కకు వచ్చింది బొబ్బర కాదన్నమాట.

చూసి తెలుసుకోవడానికి పెద్ద సాధనాలు అక్కర్లేదు. పొద్దున్నే ఒక తెల్ల కాగితం కొస కొమ్మ కింద పట్టుకొని కొమ్మను వేలితో రెండు మూడుసార్లు తట్టండి. పూలున్న కొమ్మ అయితే పూలను కూడా తట్టండి. సన్నటి నలుసుల్లాంటివి రాలి, పసుపు రంగులోనో నలుపు రంగులోనో చకచకా పాకితే అవి తామర పురుగులు. 2021లో ఖమ్మం, గుంటూరు వైపు మిరప చేలను ఊడ్చిపెట్టిన నల్ల తామర పురుగు ఎక్కువగా పూలలోనే దాక్కుంటుంది కాబట్టి పూత తట్టి చూడడం మానకూడదు. కాగితం మీద ఏమీ పడలేదు, కానీ ఆకులు కిందికి వంగి ఉన్నాయంటే నల్లిని అనుమానించాలి. అది మామూలు కంటికి దొరకదు, ఆకు అడుగు భాగాన్ని భూతద్దంతో చూడాలి. మొక్కను కదిపితే తెల్లటి చిన్న ఈగల్లాంటివి గుప్పున లేస్తే తెల్లదోమ ఉన్నట్టు.

ముడత కాని ముడత ఇంకొకటి ఉంది. మధ్యాహ్నం రెండింటికి ఆకులు వేలాడిపోతాయి, సాయంత్రానికి లేస్తాయి. అది ఎండ దెబ్బే, తెగులు కాదు. అప్పుడు కంగారుపడి మళ్లీ నీళ్లు పోస్తే, కిందంతా తడిగా ఉన్న కుండీలో వేర్లు కుళ్లుతాయి. తెల్లవారి కూడా ఆకు వాలిపోయే ఉందా, అప్పుడు మట్టిలో రెండు అంగుళాల లోతున వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటే నీళ్లు, తడిగా ఉంటే వేరు సమస్య. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఏ మందూ కొట్టకండి.

ఇక మందుల సంగతి. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

మా పక్కింటి పిన్నిగారి మొక్క సంగతి చెబితే సులువుగా అర్థమవుతుంది. జూలైలో నాటిన మిరప, ఎనిమిది అంగుళాల కుండీ, మార్చి రెండో వారం. కొసలు కిందికి వంగాయి. ఆమె రెండు వీడియోలు చూశారు. ఒకదానిలో నల్లికి నీటిలో కలిసే గంధకం పొడి లీటరుకు మూడు గ్రాములు కొట్టమన్నారు. రెండోదానిలో ఏ ముడతకైనా లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి కొట్టమన్నారు. రెండూ తెప్పించుకొని, "ఈ వారం ఒకటి, వచ్చే వారం ఒకటి కొట్టేస్తాను, ఏదో ఒకటి పనిచేయకపోదు కదా" అన్నారు. "పిన్నిగారూ, వేటికవే మంచివి. కానీ ఒకదాని వెనక ఒకటి మాత్రం కొట్టకండి, ఆకు మాడిపోతుంది" అని ఆపాల్సివచ్చింది.

కారణం ఇదీ. గంధకం కొట్టిన ఆకు మీద నూనె పడినా, నూనె కొట్టిన ఆకు మీద గంధకం పడినా ఆ రెండూ కలిసి ఆకును కాల్చేస్తాయి. రెండింటికీ మధ్య కనీసం మూడు వారాల ఎడం ఉండాలి. పైగా గంధకం ఒక్కదాన్నే కొట్టినా, పగటి వేడి 32 డిగ్రీలు దాటే రోజుల్లో ఆకు అంచులు మాడతాయి. మార్చి రెండో వారంలో మన ఊళ్లలో వేడి అంతకన్నా తక్కువ ఉండే రోజులు ఎన్ని? గంధకం గురించి చెప్పిన ఆ వీడియో డిసెంబరులో తీసింది. అప్పటికి అది సరైన సలహానే. వీడియో కింద తేదీ చూడడమనే చిన్న పని ఎవరూ చేయరు. అలాగే న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న మన తెలుగువాళ్లు 'సమ్మర్ మిరప' అని పెట్టే వీడియోలూ చూస్తుంటాం. న్యూజెర్సీలో మంచు భయం పోయాక మేలో నారు నాటితే వాళ్ల ఎండాకాలమే మిరపకు మంచి కాలం. రోహిణి కార్తె ఎండల్లో రామగుండం మిద్దె మీద అదే పద్ధతి పాటిస్తే నారు మిగలదు. బెంగళూరు వీడియో భాష మనదైనా ఎండ మనది కాదు.

పిన్నిగారి మొక్కకు చివరికి చేసింది ఇది. బాగా ముడుచుకున్న కొసలను నాలుగు అంగుళాల మేర కత్తిరించి, కవరులో కట్టి పారేశారు. కంపోస్టు డబ్బాలో వేయలేదు. తర్వాత రోజు విడిచి రోజు, పొద్దున ఎండ ఎక్కకముందే ఆకుల అడుగున నీళ్లు గట్టిగా చిమ్మారు. నల్లిని తగ్గించడానికి ఖర్చులేని మార్గం ఇదే. వేపనూనెను అయిదు కాకుండా మూడు మిల్లీలీటర్లకు తగ్గించి, ముందు ఒక్క కొమ్మకే, సూర్యుడు దిగాక కొట్టారు. రెండు రోజులు ఆగి, మచ్చలు రాలేదని చూసుకున్నాకే మొక్కంతా కొట్టారు. వారానికోసారి అలా నడిపితే కొత్త చిగుళ్లు తిన్నగా వచ్చాయి. వంగిన పాత ఆకులు మాత్రం వంగే ఉంటాయి, అవి సాగవు. మందు పనిచేసిందో లేదో కొత్త చిగురును చూసి తేల్చుకోవాలి. పాత ఆకులు చూసి పనిచేయలేదనుకొని మోతాదు పెంచితే ఇంతవరకు చేసినదంతా వృథా.

మందు కొట్టే ముందు రోజు సాయంత్రం కుండీకి బాగా నీళ్లు పట్టించి ఉండాలి. దాహంతో ఉన్న మొక్క మీద నూనె పడితే మామూలు మోతాదైనా తట్టుకోలేదు. బొబ్బర అని రూఢి అయిన మొక్కను మొహమాటపడకుండా పీకేయండి. దాన్ని ఉంచితే తెల్లదోమ పక్కనున్న టమాటకూ మిరపకూ తెగుళ్లు పంచుతూ ఉంటుంది.

తామర పురుగు విషయంలో ముందుచూపు బాగా పనిచేస్తుంది. మొక్క ఎత్తుకు సరిగ్గా నీలి జిగురు అట్ట ఒకటి, తెల్లదోమకు పసుపు అట్ట ఒకటి ఫిబ్రవరిలోనే కట్టండి. వీటితో పురుగు అంతమైపోదు, కానీ వచ్చిందన్న కబురు ముందే తెలుస్తుంది. అట్ట మీద నలుసులు పెరుగుతుంటే ముడత కనిపించకముందే నీళ్లు చిమ్మడం, వేపనూనె మొదలుపెట్టవచ్చు. ఇంకొక మాట. ఎండాకాలం ముందు 'బలం కోసం' అని యూరియా గానీ పచ్చి పేడ గానీ వేయకండి. మెత్తటి లేత చిగుళ్లు విపరీతంగా వస్తాయి, పురుగుకు కావలసిందీ అదే.

ఇప్పుడు కుండీ. వీడియోల్లో అందరూ దాటవేసేది, మిద్దె మీద అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చేది ఇదే. ఎనిమిది అంగుళాల కుండీలో పట్టే మట్టి అయిదారు లీటర్లు. పన్నెండు అంగుళాలదైతే పదహారు, పద్దెనిమిది లీటర్ల వరకు వస్తుంది. చుట్టుకొలత కాస్తే పెరిగినట్టు కనిపిస్తుంది కానీ మట్టి దాదాపు మూడు రెట్లు. చిన్న కుండీ ఏప్రిల్ మధ్యాహ్నానికే ఎండిపోతుంది, రోజుకు రెండుసార్లు తడపాలి. ఒక్క పూట మరిచిపోయినా పూత మొత్తం రాలుతుంది. పెద్ద కుండీలో మిరపకు ఆ కష్టం ఉండదు. కాబట్టి పెద్ద కుండీలోకి మార్చాలంటే ఫిబ్రవరి దాటకుండా మార్చండి. వేరు ముద్ద విరగకుండా, ముందు రోజు తడిపి, సాయంత్రం పూట మార్చి, నాలుగైదు రోజులు నీడలో ఉంచండి. మార్చి సగం దాటితే ఆ ఆలోచన తొలకరి దాకా వాయిదా వేయడమే మంచిది. ఎండల్లో వేరు కదిపిన మొక్క కోలుకోవడం కష్టం.

కుండీని నేరుగా స్లాబు మీద పెట్టకండి. కింద రెండు ఇటుకలు పెడితే గాలి ఆడుతుంది, అడుగు వేడెక్కదు. నల్ల గ్రో బ్యాగుకు పడమటి ఎండ తగిలే వైపు పాత గోనె సంచి చుట్టండి. మట్టి మీద రెండు అంగుళాల మందాన ఎండుటాకులు పరచండి, కాండానికి మాత్రం అంటకూడదు. షేడ్ నెట్ యాభై శాతానిది చాలు. మిరపకు అంతకన్నా చిక్కటి నీడ వేస్తే ఆకు పెరుగుతుంది, కాయ తగ్గుతుంది. నెట్ తల ఎత్తుకు పైన ఉండాలి, పక్కలు తెరిచి ఉంచాలి. ఏప్రిల్‌లో వచ్చే అకాల గాలివానకు నెట్ ఎగిరిపోకుండా నాలుగు మూలలతో పాటు మధ్యలోనూ కట్టుకోండి. వదులైన నెట్ కొట్టుకొని మొక్కల కొసలు విరిచేస్తుంది.

నీళ్లు పొద్దున ఏడు లోపు పోయాలి. ఎండలో పడి ఉన్న పైపులోని నీళ్లు వేర్లను ఉడకబెడతాయి. చేతికి చల్లగా తగిలేవరకు ఆ నీటిని బకెట్‌లోకి వదిలి, చల్లారాక వాడుకోండి. మిట్టమధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీటికీ ఇదే జాగ్రత్త. అన్నీ సరిగ్గా చేసినా మే నెలలో పూత రాలుతుంది. పగలు 38, 40 డిగ్రీలు ఉంటే మిరప పూత నిలబడదు. దానికి టానిక్కులు చూపించే వీడియోలు కోకొల్లలు, ఏదీ కొనకండి. ఆకు పచ్చగా ఉండి కొత్త చిగురు తిన్నగా వస్తుంటే చాలు. తొలకరి పడ్డాక పైకొమ్మలు మూడోవంతు కత్తిరించి గుప్పెడు వర్మీకంపోస్టు వేస్తే అదే మొక్క మళ్లీ పూతకొస్తుంది.