రెండేళ్ళ పిల్లలకు నిద్రపోయే సూరీడి కథ చెప్పడం ఎలా?

సూరీడికి నిద్రొచ్చింది, పిట్టలకూ నదికీ చెప్పి పడుకున్నాడు. కథంతా ఇంతే. ఇందులో దొంగ లేడు, పులి లేదు, ఏమవుతుందోనన్న ఆత్రం లేదు. రెండేళ్ళ పాపను నిద్రపుచ్చడానికి సరిపోయేది అదే. కానీ ఇంత చిన్న కథలోనూ రెండు మూడు మాటలు తప్పుగా పడితే పాప నిద్ర మానేసి లేచి కూర్చుంటుంది, లేదా ఏడుస్తుంది. కథ ఎలా కట్టాలి, ఎలా చెప్పాలి, ఎక్కడ చెడుతుంది అన్నది విశాఖపట్నంలో ఉండే ఇంటిని దృష్టిలో పెట్టుకుని కింద రాశాం.

ముందు సూరీడు ఎక్కడ పడుకుంటాడో తేల్చుకోండి

చాలా బొమ్మల పుస్తకాల్లో సూర్యుడు సముద్రంలో మునుగుతాడు. విశాఖలో అలా జరగదు. మన సముద్రం తూర్పున ఉంది, కాబట్టి పొద్దున సూర్యుడు సముద్రం మీద లేస్తాడు, సాయంత్రం ఊరి వెనక కొండల వైపు దిగుతాడు. రోజూ బీచ్‌కి వెళ్ళే పాపకు సముద్రంలో పడుకునే సూరీడి కథ చెబితే, చూసేది ఒకటీ వినేది ఒకటీ అవుతుంది. అందుకని కొండ వెనక పడుకోబెట్టండి. నది కావాలంటే గోస్తనీ ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. భీమిలిలో నిలబడి చూస్తే నది వచ్చే వైపే పొద్దు గుంకుతుంది. అంటే కొండ, సూరీడు, నది మూడూ ఒకే బొమ్మలో ఇముడుతాయి. కథలో నది పేరు చెప్పక్కర్లేదు, మీ మనసులో ఆ చోటు ఉంటే చాలు.

వీలైతే కథ చెప్పే రోజు సాయంత్రం పాపను డాబా మీదికి తీసుకెళ్ళండి. ఇక్కడ డిసెంబరు మొదట్లో ఐదున్నర లోపే పొద్దు గుంకుతుంది, జూన్ చివర్లో ఆరున్నర దాటుతుంది. సూర్యుడి వైపు నేరుగా చూపించకండి. కొండ మీది ఎర్రటి మబ్బునీ, గూటికి వెళ్ళే కాకుల్నీ చూపిస్తే చాలు. రాత్రి ఎనిమిదింటికి మీరు కథ మొదలుపెట్టేసరికి, పాప కళ్ళారా చూసిందే మళ్ళీ వింటుంది. మధ్యాహ్నం నిద్రకు మాత్రం ఈ కథ వాడకండి. కిటికీలో ఎండ కనబడుతుంటే సూరీడు పడుకున్నాడన్న మాట నిలవదు.

పలికే మాటలు ఎంచుకోండి

రెండేళ్ళకు పిల్లలు రెండు మూడు మాటలు కలిపి మాట్లాడతారు, అర్థమయ్యేది అంతకంటే ఎక్కువే ఉంటుంది. వాక్యం మూడు నాలుగు మాటలు దాటకూడదు. ‘సూర్యుడు’లో ఒత్తు కష్టం, ‘సూరీడు’ నోట్లో సులువుగా పలుకుతుంది. ‘నిద్రపో’ కన్నా ‘బజ్జో’ వాళ్ళ సొంత మాట. ‘ఏరు’ అందమైన మాటే గానీ అది ‘ఏటి ఒడ్డు’, ‘ఏట్లో’ అని రూపు మారిపోతుంది. పాపకు రెండూ ఒకటేనని తెలియదు. ‘నది’ ఎక్కడైనా నదిగానే ఉంటుంది, అందుకే ఇక్కడ అది వాడాం. మీ ఇంట్లో గెడ్డ అనే అలవాటుంటే అదే అనండి.

అన్నింటికన్నా ముఖ్యమైన మాట సూరీడు చెప్పే వీడ్కోలు. రెండేళ్ళ వయసులో అమ్మ పక్క గదిలోకి వెళ్ళినా కొందరు పిల్లలు ఏడుస్తారు. కనబడని మనిషి తిరిగొస్తుందన్న ధీమా ఇంకా గట్టిపడని వయసు అది. ‘సూరీడు వెళ్ళిపోయాడు’ అన్న చోట చాలామంది పిల్లలు బిక్కమొహం పెట్టేది అందుకే. మనకు దీనికి మందు ఇంట్లోనే ఉంది. గడప దాటేటప్పుడు ‘వెళ్తున్నా’ అనం, ‘వెళ్ళొస్తా’ అంటాం. ఆ అలవాటునే సూరీడికి ఇవ్వండి: ‘బజ్జుని వస్తా.’ తిరిగి రావడం ఆ మాటలోనే ఉంది కనుక చివర్లో మళ్ళీ తెల్లవారినట్టు చెప్పనవసరం లేదు. చెప్పకూడదు కూడా. తెల్లారింది, కోడి కూసింది అనగానే పాప లేచి కూర్చుంటుంది.

‘చీకటి వచ్చేసింది’ అన్న వాక్యం కూడా తీసేయండి. చీకటిని ఎక్కడి నుంచో వచ్చే మనిషిలా చెబితే భయం మొదలవుతుంది. కొండ, గూడు, నిద్ర ఇవి చాలు.

పిట్టల వరస

మూడు పిట్టలు చాలు. గోల చేసేది ముందు, చప్పుడు చేయనిది చివర రావాలి. మొదట కాకి, ఎందుకంటే సాయంత్రం చెట్టు చేరేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ అరిచేది అదే. పాప కూడా కావ్ కావ్ అని గట్టిగా అరవాలని చూస్తుంది, అరవనివ్వండి. తర్వాత పిచ్చుక, సన్నటి కిచకిచ. చివర కొంగ, అది ఏమీ అనదు. అప్పటికి చేతికి, నోటికి పనేమీ మిగలదు. ఈ వరస తిరగేసి కాకిని చివర పెడితే, సగం నిద్రలో ఉన్న పాప కాకిలా రెక్కలాడిస్తూ లేస్తుంది. ఈ కథ చెడేది ఎక్కువగా ఇక్కడే.

నది పిట్టల తర్వాత రావాలి. పిట్ట చప్పుడు ఆగిపోతుంది, నది చప్పుడు ఆగదు. కాబట్టి నదిని నిద్రపుచ్చకండి, పాడమనండి. దాని గలగల మెల్లగా జోల అవుతుంది.

కథ పూర్తిగా ఇదిగో:

సూరీడికి నిద్రొచ్చింది.
ఆఁ… ఆవులించాడు.
కొండ మీదికి వచ్చాడు.

చెట్టు మీద కాకి. కావ్ కావ్!
“కాకీ, కాకీ, బజ్జో.
నేనూ బజ్జుని వస్తా.”
కాకి రెక్కలు ముడిచింది.
కాకి బజ్జుంది.

సూరీడు ఇంకొంచెం దిగాడు. ఆఁ…
గూట్లో పిచ్చుక. కిచ కిచ.
“పిచ్చుకా, పిచ్చుకా, బజ్జో.
నేనూ బజ్జుని వస్తా.”
పిచ్చుక కళ్ళు మూసింది.
పిచ్చుక బజ్జుంది.

సూరీడు ఇంకొంచెం దిగాడు.
నది ఒడ్డున కొంగ. తెల్ల కొంగ.
“కొంగా, కొంగా, బజ్జో.
నేనూ బజ్జుని వస్తా.”
కొంగ తల దాచుకుంది.
కొంగ బజ్జుంది.

నది. గల గల… గల గల…
“నదీ, నదీ, మెల్లగా పాడు.
నేనూ బజ్జుని వస్తా.”
నది మెల్లగా పాడింది.
జో… జో…

కొండ వెనక సూరీడు బజ్జున్నాడు.
జో… జో…

చెప్పే తీరు

వాక్యం తర్వాత ఒక నిండు ఊపిరి తీసుకుని తర్వాతి వాక్యం చెప్పండి. అలా చెబితే కథ దాదాపు మూడు నిమిషాలు పడుతుంది. నిమిషంలో అయిపోయిందంటే తొందరపడ్డారన్నమాట, పాప వెంటనే ‘మళ్ళీ’ అంటుంది. కాకి దగ్గర మామూలు గొంతు, పిచ్చుక దగ్గర సగం, కొంగ దగ్గర చెవి పక్కన చెప్పేంత. ఆవులింతను నిజంగానే ఆవులించండి, అయితే కొంగ దగ్గర అది లేకపోవడం గమనించండి. అక్కడి నుంచి నోరు పెద్దగా తెరిచే శబ్దాలేవీ ఉండకూడదు.

కథ మధ్యలో ‘ఇప్పుడెవరొచ్చారు? తెల్లగా ఏముంది?’ అని అడగకండి. పగలు పుస్తకం చూసేటప్పుడు ప్రశ్నలు మంచివే. రాత్రి మాత్రం జవాబు వెతుక్కోవడానికి పాప మెలకువలోకి వస్తుంది. పాప తనంతట తాను ‘కుక్క?’ అని అడిగితే కాదనకండి, ‘కుక్క కూడా బజ్జుంది’ అని ఒక్క మాట అని ముందుకు సాగండి. రేపటి నుంచి ఆ కుక్కను కాకి కంటే ముందు చేర్చండి. కొంగ తర్వాత కొత్తవాళ్ళెవరూ రాకూడదు.

‘సూరీడు ఏడి?’ అని అడిగితే ‘కొండ వెనక’ అంటే చాలు. భూమి తిరగడం గురించి ఆ రాత్రి చెప్పనక్కర్లేదు.

‘మళ్ళీ’ అంటే మళ్ళీ చెప్పండి, కానీ కొంగ దగ్గర నుంచి మొదలుపెట్టండి. పాప ఒప్పుకోక కాకి కావాలంటే కాకి నుంచే చెప్పండి, అయితే ఈసారి కావ్ కావ్‌ను గుసగుసగా అనండి. పిల్లలు దాన్ని కూడా గుసగుసగానే అనడానికి ఇష్టపడతారు.

ఒకరోజు అమ్మ, ఒకరోజు అమ్మమ్మ, ఒకరోజు నాన్న చెప్పినా మాటలు మారకూడదు. పాప తర్వాతి మాట ముందే ఊహించి, అదే వినబడినప్పుడు స్థిమితపడుతుంది. నాన్న ‘కాకి నిద్రపోయింది’ అంటే ‘కాదు, బజ్జుంది’ అని దిద్దుతుంది, దిద్దడంలో నిద్ర చెదిరిపోతుంది. కథను కాగితం మీద రాసి మంచం పక్కన బీరువాకు అంటిస్తే ఈ గొడవ ఉండదు.

బొమ్మలు కావాలనుకుంటే

పాత శుభలేఖల అట్టలు ఐదు తీసుకోండి, చిన్న వేళ్ళు సులువుగా తిప్పగలిగేంత మందం ఉంటాయి. మూలలు గుండ్రంగా కత్తిరించండి. స్టేప్లర్ పిన్నులు వద్దు, ఊడితే నోట్లోకి పోతాయి. రెండు చిల్లులు పెట్టి పొట్టి నూలు దారంతో గట్టిగా ముడి వేయండి. కాకికి ఒకటి, పిచ్చుకకు ఒకటి, కొంగకు ఒకటి, నదికి ఒకటి, చివరిది ఉత్త కొండ. మొదటి నాలుగు అట్టల మీదా సూరీడు ముందటి కంటే ఒక వేలెడు కిందికి ఉండాలి, కళ్ళు ఇంకొంచెం మూసుకోవాలి. ముఖంలో చిరునవ్వు మాత్రం మార్చకండి. ఏడుపు ముఖం గీస్తే కథ ఎంత మెల్లగా చెప్పినా పాప ఆ ముఖమే చూస్తుంది. రంగులు పసుపు నుంచి నారింజకు, తర్వాత మందార రంగుకు దిగాలి. నలుపు వాడకండి, ముదురు నీలం చాలు. పదిరోజులు గడిచాక అట్టలు లేకుండా చెప్పి చూడండి. చాలాసార్లు పాప వాటిని అడగదు.

నది రాకముందే పాప నిద్రపోవచ్చు. అప్పుడు గొంతు ఠక్కున ఆపకండి, ఆ నిశ్శబ్దానికే కొందరు కళ్ళు తెరుస్తారు. మిగిలిన వాక్యాలు వదిలేసి నేరుగా ‘జో… జో…’కి వచ్చి, అర నిమిషం పాటు అంటూ తగ్గించుకుంటూ పోయి, అప్పుడు పాప మీంచి చేయి తీయండి.