రిటర్న్ వచ్చిన బట్టలు: బాగుచేసి అమ్మాలా, లాట్‌లో ఇచ్చేయాలా, వదిలేయాలా?

ఆన్‌లైన్‌లో బట్టలు కొనేవాళ్లు ఒంటికి వేసుకుని చూసేది పార్శిల్ ఇంటికి వచ్చాకే. అందుకని రిటర్న్‌లు ఎలాగూ ఉంటాయి. అయితే తిరిగొచ్చిన బట్ట గతి ఏమిటో తేల్చకుండా గోడౌన్‌లో ఎన్ని రోజులు ఉంచితే అన్ని రోజులూ దాని ధర పడిపోతూనే ఉంటుంది. కింద రాసిన సమస్యల్లో చాలావరకు ఆ ఆలస్యం దగ్గరికే వచ్చి చేరతాయి.

సమస్య: రిటర్న్‌లు గోడౌన్‌కు చేరాయి, సైట్‌లో మాత్రం ఆ సైజు "స్టాక్ లేదు" అనే చూపిస్తోంది

ముందు ఆలస్యం ఎక్కడ జరుగుతోందో చూడాలి. ఇటీవల రిటర్న్ వచ్చి మళ్లీ అమ్ముడుపోయిన ఓ యాభై పీసులు తీసుకుని, ఒక్కోదానికి నాలుగు తేదీలు రాసుకోండి: కస్టమర్ రిటర్న్ అడిగిన రోజు, పార్శిల్ గోడౌన్‌కు వచ్చిన రోజు, బట్టను తనిఖీ చేసే క్యూసీ అయిన రోజు, మళ్లీ అమ్మకానికి పెట్టిన రోజు. ఏ రెండు తేదీల మధ్య ఎడం ఎక్కువుందో అక్కడే పని చేయాలి. చాలామంది ఈ లెక్క చూడకుండానే కొరియర్‌ను తిట్టుకుంటారు.

మొదటి ఎడం పెద్దదైతే తప్పు కొరియర్‌దే కావచ్చు, పికప్ ఏర్పాటు మార్చుకోవాలి. కానీ సాధారణంగా రోజులు పోయేది రెండో ఎడంలో, అంటే గోడౌన్‌కు వచ్చాక సంచి విప్పేదాకా. ఆర్డర్లు ప్యాక్ చేసేవాళ్లే రిటర్న్‌లు కూడా చూడాల్సి వస్తే, రిటర్న్‌లు ఎప్పుడూ "ఖాళీ దొరికినప్పుడు" చేసే పనిగా మిగిలిపోతాయి. పెద్ద డిస్కౌంట్ సేల్ అయిన కొద్ది రోజులకు రిటర్న్‌లు ఒక్కసారిగా వచ్చి పడతాయి, అప్పటికి ప్యాకింగ్ పని కూడా ఇంకా తగ్గి ఉండదు. అందుకే ఒక్కరైనా సరే, రిటర్న్‌లకే కేటాయించిన మనిషి ఉండాలి. ఆ మనిషిని సేల్ రోజుల్లో కూడా ప్యాకింగ్‌కు లాగకూడదు.

ఇంకో కారణం, ముందొచ్చిన సంచి ముందు విప్పడం. చూడటానికి న్యాయంగానే ఉంటుంది కానీ బట్టల విషయంలో ఇది నష్టం. గోడౌన్‌కు రాగానే సంచి విప్పకుండా లేబుల్ మాత్రం స్కాన్ చేసి మూడు కుప్పలుగా వేయండి. సైట్‌లో ఆ సైజు అయిపోయి, ఇంకా పూర్తి ధరకు అమ్ముడవుతున్న డిజైన్లు మొదటి కుప్ప. ఇవి ఆ రోజే విప్పాలి. స్టాక్ ఉన్నవి రెండో కుప్ప. డిస్కౌంట్‌లోకి వెళ్లిపోయినవి మూడోది. ఒకే ఆర్డర్‌లో ఒకే డిజైన్ రెండు సైజుల్లో తెప్పించుకుని ఒకటి వెనక్కి పంపినవి కూడా మొదటి కుప్పలోకే వేయొచ్చు. అవి ఎక్కువగా వేసుకుని చూసి పంపేసినవే, పని తక్కువ ఉంటుంది.

క్యూసీ అయిపోయినా అమ్మకానికి రావడం లేదంటే, సిస్టమ్‌లో ఆ పీసు స్థితి ఎలా ఉందో చూడండి. రిఫండ్ ఆమోదం అయ్యేదాకా స్టాక్‌ను "హోల్డ్"లో ఉంచే సెట్టింగ్ ఉండొచ్చు. రిఫండ్ అకౌంట్స్ పని, స్టాక్ గోడౌన్ పని. రెండింటినీ విడదీస్తే చాలు.

సమస్య: బాగుచేయడానికి ఖర్చు పెడుతున్నా, చివర్లో చేతిలో ఏమీ మిగలడం లేదు

దీనికి కారణం తరచూ ఒకటే: నిర్ణయం బట్ట స్థితిని చూసి తీసుకుంటున్నారు, ఆ రోజు దాని ధరను చూడటం లేదు. "మరక పోతుంది కదా, ఉతుకుదాం" అనుకోవడం సహజం. కానీ మరక పోవడం ఒక ప్రశ్న, పోగొట్టడం గిట్టుబాటవుతుందా అన్నది మరో ప్రశ్న.

ఒక ఉదాహరణతో చూద్దాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవే, మీవి మీరు వేసుకోండి. ఒక గౌను పూర్తి ధర 100, మీరు కొన్న ధర 45. కాలర్ మీద మేకప్ మరకతో తిరిగొచ్చింది. మరక తీసి, ఆవిరి ఇస్త్రీ చేసి, కొత్త ట్యాగ్, కొత్త పాలీబ్యాగ్ వేయడానికి 9 అవుతుంది. అమ్ముడైతే డెలివరీ, కమీషన్ కలిపి 14. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, కానీ ఇంకో ఖర్చు ఉంది. ఈ డిజైన్ పది అమ్మితే మూడు తిరిగొస్తోంది. ఒక్కో తిరుగు ప్రయాణానికి 20 ఖర్చు అనుకుంటే, మళ్లీ వచ్చే అవకాశానికి కనీసం 6 పక్కన పెట్టాలి. మొత్తం ఖర్చు 29.

రెండు వారాల్లో అమ్మకానికి పెట్టగలిగితే అప్పటి ధర 70 అనుకోండి. 29 పోగా 41 మిగులుతుంది. అదే గౌనును ఉన్నదున్నట్టు, ఇలాంటి సరుకంతా కలిపి లాట్‌గా కొనేవాళ్లకు ఇచ్చేస్తే ఖర్చులు పోను చేతికి 13 వస్తుంది. కాబట్టి బాగుచేయడమే మేలు. ఇప్పుడు అదే గౌను, అదే మరక, కానీ ఆరు వారాలు మూల పడి ఉంది. సీజన్ దాటిపోయి ధర 35కి దిగింది. 29 తీసేస్తే 6. ఇప్పుడు లాట్‌లో ఇచ్చేయడమే లాభం, ఉతకడానికి పట్టే సమయం కూడా మిగులుతుంది.

అంటే ఈ గౌనుకు గీత 42 దగ్గర ఉంది: 29 ఖర్చు, 13 లాట్ ధర. అమ్మకానికి సిద్ధమయ్యే రోజుకు ధర 42 కంటే ఎక్కువ ఉంటుందనుకుంటే బాగుచేయండి, తగ్గుతుందనుకుంటే వద్దు. డిజైన్‌కు ఒక గీత చొప్పున వేసి క్యూసీ బల్ల మీద అంటించండి. అప్పుడు అక్కడున్న మనిషి ప్రతి పీసుకూ మేనేజర్‌ను అడగక్కర్లేదు. అడిగి జవాబు కోసం ఆగడం కూడా ఆలస్యమే. ధరలు మారినప్పుడల్లా ఆ కాగితం మార్చాలి, వారానికోసారి చూసుకుంటే సరిపోతుంది.

ఈ లెక్కలో కొన్న ధర 45 ఎక్కడా రాలేదు, గమనించండి. అది ఎప్పుడో ఖర్చయిపోయింది. "45 పెట్టి కొన్నదాన్ని 13కి ఎలా ఇస్తాం" అని ఆపుకుంటే, మూడు నెలల తర్వాత ఆ 13 కూడా రాదు.

మరీ చవక వస్తువుల విషయంలో లెక్క ఇంకా ముందే తేలిపోతుంది. వెనక్కి తెప్పించే ఖర్చే దాని మీద వచ్చేదానికంటే ఎక్కువైతే, రిఫండ్ ఇచ్చి వస్తువును కస్టమర్ దగ్గరే ఉంచేయమనడం నయం. కానీ ఈ సంగతి బయటకు ప్రకటించకూడదు, ఒకే అకౌంట్ నుంచి మళ్లీ మళ్లీ వస్తే ఆపేయాలి.

సమస్య: మంచివని అమ్మకానికి పెట్టినవే మళ్లీ తిరిగొస్తున్నాయి

ముందు ఇది నిజంగా జరుగుతోందో తెలియాలి. డిజైన్, సైజుకు ఒకే బార్‌కోడ్ వాడుతుంటే ఏ పీసు ఎన్నిసార్లు తిరిగిందో కనిపించదు. రిటర్న్ వచ్చిన ప్రతి పీసుకూ విడి నంబరున్న స్టిక్కర్ వేయండి. అది బట్టకు కుట్టిన లేబుల్ దగ్గరే ఉంటే మేలు, పాలీబ్యాగ్ మీద వేస్తే సంచితో పాటు పోతుంది. రెండుసార్లు తిరిగొచ్చిన పీసును మామూలు స్టాక్‌లో కలపకుండా పక్కన పెట్టి, ఇంకొకరితో చూపించండి. అలాంటివాటిలో చాలాసార్లు కుట్టు తేడాయో, లేబుల్ మీద సైజు తప్పో బయటపడుతుంది.

క్యూసీలో తప్పిపోయేవి కూడా ఎప్పుడూ అవే. సంచి విప్పిన క్షణంలోనే వాసన చూడాలి. కాసేపు గాలికి పెడితే సెంటు, చెమట వాసన తెలియవు, మళ్లీ సంచిలో మూసి పంపాక కస్టమర్‌కు తెలుస్తాయి. తర్వాత కాలర్ లోపలి వైపు, చంకల దగ్గర తెల్లటి చారలు, అంచులకు మట్టి, అతుక్కున్న వెంట్రుకలు. జిప్పు పూర్తిగా ఒకసారి వేసి తీయాలి. ట్యాగ్ దారం అసలు ఉన్నచోటే ఉందా, లేక తెంపి మళ్లీ కట్టారా చూడాలి. చివరగా, వచ్చింది మీరు పంపిన వస్తువేనా? కుట్టిన లేబుల్‌లోని డిజైన్ నంబరు, సైజు ఆర్డర్‌తో సరిపోల్చాలి. పాతది పెట్టి కొత్తది ఉంచుకునేవాళ్లు ఎక్కువగా కాగితం ట్యాగ్‌ను మార్చి పంపుతారు, కుట్టిన లేబుల్‌ను మార్చడం కష్టం.

సమస్య: లాట్‌లో అమ్మేసిన బట్టలు మళ్లీ రిటర్న్‌గా మనకే వస్తున్నాయి

ఎవరో లాట్ సరుకు చవగ్గా కొని, మీ దగ్గర పూర్తి ధరకు కొన్న కొత్తదాన్ని ఉంచుకుని, దాని బదులు ఇది పంపుతున్నారు. లాట్‌కు, దానానికి పంపే ముందు బ్రాండ్ లేబుల్‌ను సగానికి కత్తిరించండి, లేదా సైజు లేబుల్ మీద చెరగని ఇంకుతో అడ్డగీత గీయండి. క్యూసీ బల్ల దగ్గర ఆ గీత కనిపిస్తే రిఫండ్ ఆగిపోతుంది.

సమస్య: అమ్మలేం, దానం చేయలేం, ఏం చేయాలో తెలియని సరుకు పెరిగిపోతోంది

లోదుస్తులు, ఈత దుస్తుల్లో శుభ్రత కోసం అతికించిన స్ట్రిప్ ఊడి ఉంటే వాటిని తిరిగి అమ్మకూడదు, ఉతికినా సరే. బూజు పట్టినవి కూడా అంతే. వీటిని పక్క సరుకుతో కలిపి ఉంచితే బూజు వాటికీ పాకుతుంది, వచ్చినరోజే వేరుచేయాలి.

రీసైకిల్ చేయిద్దామంటే గుడ్డలో ఏముందో చూడాలి. అచ్చం నూలు బట్టను చింపి మళ్లీ పీచుగా మార్చడం సులువు, అయినా పీచు పొట్టిదైపోతుంది. నూలు, పాలిస్టర్ కలిసినవి, సాగే దారం ఉన్నవి విడదీయడం కష్టం కాబట్టి చాలావరకు తుడుపు గుడ్డలుగానో, పరుపుల్లో నింపే సరుకుగానో మిగులుతాయి. జిప్పులు, గుండీలు తీసేసి, గుడ్డ రకం బట్టి విడదీసి ఇస్తే తీసుకునేవాళ్లు దొరుకుతారు.

యూరప్‌లో అమ్మే పెద్ద కంపెనీలు పారేయాలన్నా చట్టం చూసుకోవాలి. ఫ్రాన్స్ 2020లో చేసిన చట్టంతో అమ్ముడుపోని సరుకును ధ్వంసం చేయడాన్ని నిషేధించింది. 2024లో వచ్చిన యూరోపియన్ యూనియన్ ఎకోడిజైన్ నిబంధన ప్రకారం 2026 జూలై 19 నుంచి పెద్ద కంపెనీలు అమ్ముడుపోని బట్టలు, చెప్పులను ధ్వంసం చేయకూడదు. మధ్యస్థాయి కంపెనీలకు ఇది 2030లో వర్తిస్తుంది, చిన్నవాటికి మినహాయింపు ఉంది. కొనుగోలు రద్దు చేసుకునే హక్కు కింద కస్టమర్ వెనక్కి పంపినవి కూడా ఈ నిబంధన దృష్టిలో అమ్ముడుపోని సరుకే. పాడైనవాటికి, ఆరోగ్యానికి హాని చేసేవాటికి సడలింపులున్నాయి. ఒక పీసును ఎందుకు పారేశారో క్యూసీ రోజే ఫోటోతో సహా రాసి ఉంచకపోతే, తర్వాత ఆ సడలింపు కింద చూపించడం కష్టమవుతుంది.

సమస్య: ఒకే డిజైన్ పదే పదే "సైజు సరిపోలేదు" అని వస్తోంది

కస్టమర్ ఎంచుకునే కారణాల్లో "సైజు" అని ఒక్కటే ఉంటే దానితో ఏమీ తేలదు. "చిన్నదైంది", "పెద్దదైంది" అని విడదీయండి. అన్ని సైజుల్లోనూ చిన్నదైందనే వస్తుంటే సైజు చార్ట్‌ను అసలు కొలతలకు తగ్గట్టు మార్చాలి. ఎం సైజు ఒక్కటే చిన్నదని వస్తుంటే, ఆ సైజులో ఐదు పీసులు టేపుతో కొలవండి. చార్ట్ కంటే నడుము రెండు సెంటీమీటర్లు తక్కువ వచ్చిందంటే కటింగ్‌లోనే తేడా జరిగిందని అర్థం, ఆ బ్యాచ్‌ను అమ్మకం నుంచి తీసి తయారీదారుతో మాట్లాడాలి. కొలతలు సరిగ్గానే ఉంటే గుడ్డ సాగదని పేజీలో రాశారో లేదో చూడండి.